అనువాద ఈమెయిల్ పంపేముందు సరిచూడవలసినవి

“అమెరికా సరఫరాదారు ఈమెయిల్‌ను యంత్రం తెలుగు చేసింది. డీలర్లకు పంపేముందు ఏం చూడాలి?”

మూలాన్ని పక్కన పెట్టుకుని ముందు అంకెలనే చూడండి, ఎందుకంటే వాక్యం సాఫీగా సాగినప్పుడు తప్పు అంకె కంటికి ఆనదు. అమెరికన్లు 03/04/2025 అని రాస్తే అది మార్చి 4. దాన్ని అలాగే వదిలేస్తే మన డీలరు ఏప్రిల్ 3 అనుకుని చెల్లింపు గడువు దాటించే ప్రమాదం ఉంది కనుక, నెల పేరును అక్షరాల్లోనే రాయండి. 1.5 మిలియన్ రూపాయలను 15 లక్షలుగా మార్చి, పక్కనే 15,00,000 అని వేయండి.

సంబోధనలో “ప్రియమైన మిస్టర్ రావు” బదులు “గౌరవనీయులైన రావు గారికి, నమస్కారం” అని మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడా “నీ” దొర్లకుండా క్రియాపదాలన్నీ పరిశీలించండి. “మీ నిర్ధారణను మాకు అందించండి” వంటి బిగుసుకున్న వాక్యాన్ని “దయచేసి నిర్ధారించగలరు” అంటే సరిపోతుంది.