టెక్ సందేహాలు: పరీక్ష పేజీ మళ్లీ మళ్లీ స్క్రీన్ షేర్ అడుగుతుంటే

ప్రశ్న: శనివారం ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష ఉంది. సిస్టమ్ చెక్‌లో బ్రౌజర్, కెమెరా, మైకు అన్నింటికీ పచ్చ టిక్కు పడింది. స్క్రీన్ షేర్ దగ్గర మాత్రం చిన్న పెట్టె వస్తుంది, Share నొక్కుతాను, మళ్లీ అదే అడుగుతుంది. మా అన్నయ్య లాప్‌టాప్, క్రోమ్ బ్రౌజర్.
– విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పెట్టె వస్తోందంటే క్రోమ్ మిమ్మల్ని అడ్డుకోవడం లేదు. మీరు ఇస్తున్నది పరీక్షవారు కోరినది కాకపోయి ఉండాలి. ఈసారి Share నొక్కే ముందు పెట్టె పైభాగం చూడండి. Chrome Tab, Window, Entire Screen అని మూడు ఉంటాయి. చాలామంది తెరిచి ఉన్న మొదటిదానిలోనే పరీక్ష ట్యాబ్‌ను ఎంచుకుని Share నొక్కేస్తారు. అప్పుడు వెళ్లేది ఆ ఒక్క ట్యాబే. మీరు ఏ రకం ఇచ్చారో క్రోమ్ అవతలి సైటుకు చెబుతుంది. మొత్తం తెర కాదని తెలియగానే అది మళ్లీ మొదటికి తెస్తుంది. Entire Screen ఎంచుకోండి. Share బటన్ వెలగకపోతే పైన కనిపించే తెర బొమ్మ మీద ఒకసారి నొక్కండి.

అది కుదిరాక తెర అడుగున ఒక చిన్న పట్టీ వస్తుంది. అందులో Stop sharing, Hide అని రెండుంటాయి. పరీక్షలోని ‘నెక్స్ట్’ బటన్‌కు ఆ పట్టీ అడ్డంగా ఉందని విసుగుతో Stop sharing నొక్కేవారున్నారు; షేరింగ్ ఆగిపోతుంది, పరీక్ష కూడా నిలిచిపోవచ్చు. నొక్కవలసింది Hide. ఇంకో సంగతి: కెమెరా అనుమతిని క్రోమ్ గుర్తుపెట్టుకుంటుంది కానీ తెర అనుమతిని ప్రతిసారీ కొత్తగా అడుగుతుంది. ఈరోజు సరిగ్గా వచ్చినా శనివారం ఇదే పని మళ్లీ చేయాలి.

మీ అన్నయ్య లాప్‌టాప్‌కు టీవీ గానీ, రెండో మానిటర్ గానీ తగిలించి ఉంటే ఆ కేబుల్ తీసేయండి. రెండు తెరలు కనిపిస్తే ప్రారంభానికి ఒప్పుకోని పరీక్షలు ఉన్నాయి.

ఇంత చేసినా కదలకపోతే అప్పుడు ఎక్స్‌టెన్షన్లను అనుమానించండి. ప్రకటనలను ఆపేవి, వీపీఎన్‌లు, స్క్రీన్ రికార్డర్లు, రాసేటప్పుడు వ్యాకరణం దిద్దేవి ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. మీ బ్రౌజర్‌లో ఏయే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయో పరీక్ష పేజీకి పూర్తి జాబితా దొరకదు. అందుకే దోషం ఎక్స్‌టెన్షన్‌దైనా ‘అనుమతి లేదు’, ‘నెట్‌వర్క్ లోపం’ అని సంబంధం లేని సందేశం చూపిస్తుంది. తేల్చుకోవడానికి కుడివైపు పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కి గెస్ట్ విండో తెరవండి. అందులో ఎక్స్‌టెన్షన్లు ఏవీ ఉండవు. సిస్టమ్ చెక్ అక్కడ దాటి, మామూలు విండోలో ఆగిపోతే దొంగ దొరికినట్టే.

అలాగని ఒక్కొక్కటీ తీసేస్తూ కూర్చోవడం ఎందుకు? అన్నయ్య ఏర్పాట్లు చెదిరిపోతాయి కూడా. అదే ప్రొఫైల్ మెనూలో మీ పేరుతో కొత్త ప్రొఫైల్ తెరిచి పరీక్ష అందులో రాయండి. పరీక్షవారు తమ సొంత ఎక్స్‌టెన్షన్ పెట్టుకోమంటే గెస్ట్‌లో కుదరదు, కొత్త ప్రొఫైల్‌లో కుదురుతుంది. ఇన్‌కాగ్నిటో వాడమని స్నేహితులు చెబితే వినకండి. అనుమతి ఇచ్చి ఉన్న ఎక్స్‌టెన్షన్లు అందులోనూ పనిచేస్తాయి, పైగా కొన్ని కుకీలు ఆగిపోయి లాగిన్ తేడా చేయవచ్చు.

ఒకవేళ అది అన్నయ్య ఆఫీసు లాప్‌టాప్ అయితే చిరునామా పట్టీలో chrome://policy అని కొట్టి చూడండి. ScreenCaptureAllowed ఎదురుగా false ఉంటే ఆఫీసువారే తెర పంచుకోకుండా ఆపారన్నమాట. అక్కడ మీరు గానీ, అన్నయ్య గానీ చేయగలిగింది లేదు. వేరే లాప్‌టాప్ చూసుకోండి.

ప్రశ్న: ఇంటర్వ్యూ లింకు తెరిస్తే ‘బ్రౌజర్ అప్‌డేట్ చేయండి’ అంటుంది. అప్‌డేట్ నొక్కితే ఏమీ జరగదు. పాత డెస్క్‌టాప్, విండోస్ 7.
– పటమట, విజయవాడ

జవాబు: chrome://version తెరిస్తే మొదటి వరుసలో 109తో మొదలయ్యే అంకె కనిపిస్తుంది. విండోస్ 7, 8.1లకు క్రోమ్ ఇచ్చిన చివరి వెర్షన్ అదే, 2023 జనవరిలో వచ్చింది. 110 నుంచి విండోస్ 10 తప్పనిసరి. బ్రౌజర్‌ను తీసేసి మళ్లీ వేసినా అక్కడే ఆగుతుంది. ఫోనుతో సరిపెట్టుకుందామంటే మొబైల్ క్రోమ్‌లో వెబ్‌సైటుకు తెర పంచుకునే సౌకర్యం లేదు. విండోస్ 10 లేదా 11 ఉన్న లాప్‌టాప్ ఎవరిదైనా అడగండి. నెట్ సెంటర్‌కు వెళ్లేటట్టయితే కెమెరా ఉందో లేదో, పక్కన ఎవరూ కూర్చోని గది ఇస్తారో లేదో ముందురోజే కనుక్కోండి. ఇంటర్వ్యూ లింకులోని సిస్టమ్ చెక్‌ను కూడా ఆ కంప్యూటర్‌లోనే నడిపి చూడండి.