టార్గెట్ సీపీఏ: ఆరో రోజున కనిపించే అంకెను ఎంతవరకు నమ్మాలి?

"టార్గెట్ సీపీఏ 500 పెట్టి ఆరు రోజులైంది. ఖర్చు మాత్రం ఒక్కో లీడ్‌కు 740 పడుతోంది, స్టేటస్ ఇంకా Learning అనే చూపిస్తోంది. టార్గెట్ తగ్గించాలా, పాత పద్ధతికి మారిపోవాలా?"

ప్రస్తుతానికి రెండూ చేయకండి. టార్గెట్ సీపీఏ అంటే ఒక్కో కన్వర్షన్‌కు సగటున ఇంత ఖర్చు కావాలని గూగుల్ యాడ్స్‌కు మనం ఇచ్చే లక్ష్యం, దాన్ని బట్టి బిడ్లు అదే వేస్తుంది. విజయవాడలోని ఒక దంతవైద్యశాల గూగుల్ ప్రకటనలు చూస్తున్నప్పుడు నేను ఇక్కడే పొరపాటు చేశాను.

అక్కడ మేము కన్వర్షన్‌గా లెక్కించినది ఫారం నింపడాన్ని కాదు, ఫోన్‌లో ఖరారైన అపాయింట్‌మెంటును. టార్గెట్ 600 పెట్టిన మొదటి ఆరు రోజుల్లో 23,400 రూపాయలు ఖర్చయి 30 అపాయింట్‌మెంట్లు కనిపించాయి, అంటే ఒక్కోదానికి 780. కంగారుపడి టార్గెట్‌ను 450కి దించాను. రెండు వారాల తర్వాత అవే ఆరు రోజులను తిరిగి చూస్తే కన్వర్షన్లు 38 అయ్యాయి, సీపీఏ 616కి దిగింది. Conversions కాలమ్ కన్వర్షన్‌ను అది జరిగిన రోజున కాక, క్లిక్ పడిన రోజు ఖాతాలో వేస్తుంది కనుక, ఆలస్యంగా ఖరారైనవన్నీ వెనుకటి తేదీల్లోకి చేరుతూ వచ్చాయి. ఖర్చు మాత్రం ఏ రోజుది ఆ రోజే పడిపోతుంది.

కాబట్టి ముందుగా మీ ఆలస్యం ఎంతో తెలుసుకోండి. Segment మెనూలో Conversions కింద Days to conversion ఎంచుకుని పాత నెలల డేటాను చూడండి. మాకు అత్యధిక భాగం 9 రోజుల్లోపు వచ్చేవి, అందువల్ల ఆ తర్వాత ఎప్పుడు బేరీజు వేసినా చివరి 9 రోజులను లెక్కలోంచి తీసేసేవాణ్ని. కొత్త లక్ష్యానికి సర్దుకోవడానికి సుమారు 50 కన్వర్షన్లు లేదా మూడు కన్వర్షన్ సైకిళ్లు పట్టవచ్చని గూగుల్ చెబుతుంది; క్లిక్ నుంచి కన్వర్షన్ దాకా పట్టే కాలమే ఒక సైకిల్. రోజుకు ఐదారు వచ్చే ఖాతాకు ఒక్క 50కే తొమ్మిదిపది రోజులవుతాయి. Learning అన్న మాట పోయినంత మాత్రాన అంకెలు పక్వానికి వచ్చినట్టు కాదు.

ఇక 450కి దించిన ఫలితం: బిడ్లు తగ్గి వేలంలో వెనకబడ్డాము. రోజుకు 3,900 ఉండే ఖర్చు 1,400కు పడిపోయింది, అపాయింట్‌మెంట్లు మూడుకు చేరాయి. సీపీఏ కాగితం మీద ముచ్చటగానే ఉంది, కుర్చీలు మాత్రం ఖాళీ. అప్పటి నుంచి సీపీఏతో పాటు కన్వర్షన్ల సంఖ్యను కూడా చూడనిదే తీర్పు చెప్పడం మానేశాను. తిరిగి 600కి ఒక్కసారిగా కాక, 500, 550 మీదుగా, మధ్యలో ఆలస్యం తీరేదాకా ఆగుతూ వెళ్లాను.

మధ్యలో టార్గెట్ మార్చిన కాలానికి వచ్చిన సీపీఏను నేటి టార్గెట్‌తో పోల్చకూడదు. రెండు టార్గెట్లూ ఆ కాలంలో పనిచేశాయి కనుక Avg. target CPA కాలమ్‌తోనే పోల్చాలి.

వేచి ఉండకూడని సందర్భం ఒకటుంది. కన్వర్షన్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే అది నేర్చుకునే దశ కాదు, చాలావరకు కన్వర్షన్లను లెక్కించే ట్యాగ్ తెగిపోయినట్టే. దాన్ని సరిచేసి, పాడైన రోజుల క్లిక్‌లను Data exclusions ద్వారా పక్కన పెట్టండి.