టెక్ సందేహాలు: నో కాస్ట్ ఈఎంఐలో ఖర్చు ఎక్కడుంది?

ప్రశ్న: రూ.60,000 ఫోన్ కొందామనుకుంటున్నాను. క్రెడిట్ కార్డు మీద ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది. అదే కార్డుతో మొత్తం ఒకేసారి కడితే రూ.4,000 తగ్గిస్తామంటున్నారు. వడ్డీ ఎలాగూ లేదు కదా, ఈఎంఐ పెట్టేయనా? ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో అడిగినా ఇదే మాట.
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: చేతిలో డబ్బుంటే ఒకేసారి కట్టేయండి. ఈఎంఐకి వెళ్తే మీకు దాదాపు రూ.4,700 ఎక్కువవుతుంది. లేకపోయినా, ఇదే ఫోన్‌ని ఇంతకన్నా తక్కువకు వాయిదాల్లో కొనే దారి ఉంది. అది కాసేపాగి చెబుతాను.

ముందు వడ్డీ సంగతి. కార్డుల మీద సున్నా వడ్డీ పథకాలు వద్దని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. అందుకే బ్యాంకు ఇక్కడ వడ్డీ మానుకోదు. ఏడాదికి 16 శాతం అనుకుందాం. నెలకు సరిగ్గా పదివేలు పడేలా లెక్క వెనక్కి వేస్తే అసలు రూ.57,297, వడ్డీ రూ.2,703 అవుతాయి. ఆ రూ.2,703ని అమ్మేవాళ్లో కంపెనీయో ముందే ధరలో తగ్గిస్తారు. మీ కార్డు మీద రూ.57,297 పడుతుంది, దాని మీద బ్యాంకు వడ్డీ వసూలు చేసుకుంటుంది, మొత్తం మళ్లీ అరవై వేలకు వస్తుంది. ఇంతవరకు మోసమేమీ లేదు.

తేడా వచ్చేది జీఎస్టీ దగ్గర. క్రెడిట్ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. వడ్డీని తగ్గింపుగా ఇచ్చినవాళ్లు దాని మీది పన్నును సాధారణంగా ఇవ్వరు. అది రూ.487. ప్రాసెసింగ్ ఫీజు రూ.199 అనుకుంటే జీఎస్టీతో కలిపి రూ.235. మొదటి నెల బిల్లులో ఇవన్నీ విడివిడి వరుసల్లో కనిపిస్తాయి: అసలు రూ.9,236, వడ్డీ రూ.764, దాని మీద జీఎస్టీ రూ.138, పైన ఫీజు, ఫీజు మీద జీఎస్టీ. పదివేలు అనుకున్నది రూ.10,372 అవుతుంది. వడ్డీ నెలనెలా తగ్గుతుంది కాబట్టి పన్నూ తగ్గుతూ, ఆఖరి నెలలో రూ.24కి దిగుతుంది.

అయినా ఈ రూ.722 చిల్లర ఖర్చే. అసలు దెబ్బ మీరు వదులుకునే రూ.4,000. ఒకేసారి కడితే ఫోన్ రూ.56,000కే వస్తుంది కాబట్టి మీకు దాని నిజమైన ధర అదే. వాయిదాల్లో కట్టేది రూ.60,722. ఆరు నెలలకు ఈ తేడాను వడ్డీగా లెక్కేస్తే ఏడాదికి 28 శాతం దాటుతుంది. పేరులో మాత్రం ఖర్చు లేదు!

ఇక ఆ దారి. రూ.4,000 తగ్గింపుతో ఒకేసారి కట్టి, బిల్లు తయారయ్యేలోపు బ్యాంకు యాప్‌లో ఆ లావాదేవీని మామూలు ఈఎంఐగా మార్చుకోండి. అదే 16 శాతం, అదే ఫీజు అయితే మొత్తం రూ.59,353 అవుతుంది. అంటే వడ్డీ ఉన్న ఈఎంఐ, వడ్డీ లేదన్న ఈఎంఐ కన్నా రూ.1,369 చవక. కాకపోతే రెండు చూసుకోవాలి: తర్వాత మార్చుకుంటే బ్యాంకు రేటు ఎక్కువ వేస్తుందేమో, ఈఎంఐగా మార్చిన కొనుగోలుకు తగ్గింపు చెల్లదని ఆఫర్ షరతుల్లో ఉందేమో.

తగ్గింపు రెండింటికీ సమానంగా ఉంటే మాత్రం నో కాస్ట్ తీసుకోవడంలో తప్పులేదు, పోయేది ఆ ఏడొందలే. కొన్ని ఆఫర్లలో ఈఎంఐకే ఎక్కువ తగ్గిస్తారు కూడా. కాబట్టి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే పేజీలో రెండు పద్ధతులూ ఒక్కోసారి ఎంచుకుని, చివరి మొత్తాలు పక్కపక్కన రాసుకోండి. ఎస్పీ రోడ్డులో అయితే ఈఎంఐ మాట ఎత్తకుండా ముందు క్యాష్ రేటు అడగండి. ఈఎంఐ అని తెలిశాక బేరం దిగదు. వడ్డీని ముందే తగ్గిస్తున్నారా, కొన్ని నెలల తర్వాత క్యాష్‌బ్యాక్‌గా వేస్తారా అన్నది కార్డు గీసే ముందే అడిగి తెలుసుకోండి. క్యాష్‌బ్యాక్ అయితే కార్డు మీద పూర్తి అరవై వేలు పడి, దాని మీద వడ్డీ నడుస్తుంది. కార్డు గీశాక ఇచ్చే స్లిప్పు పారేయకండి.

ఫోన్ వాపసు చేయాల్సి వస్తే, అమ్మినవాళ్లు డబ్బు తిరిగి వేసినంత మాత్రాన ఈఎంఐ దానంతటది ఆగుతుందని అనుకోవద్దు. కొన్ని బ్యాంకుల్లో మీరే ఫోన్ చేసి రద్దు చేయించాలి. ప్రాసెసింగ్ ఫీజు, అప్పటికే పడిన వడ్డీ మీది జీఎస్టీ సాధారణంగా తిరిగి రావు.