సాగిపోయిన ఫోటోలో కారు వేగం

ప్రశ్న: రోడ్డు పక్కన నిలబడి, వెళ్తున్న కారును కెమెరాతో ఫోటో తీశాను. కారు సాగిపోయినట్టు వచ్చింది. వివరాల్లో ఎక్స్‌పోజర్ 1/30 అని ఉంది. దీన్నిబట్టి కారు ఎంత స్పీడులో వెళ్తోందో తెలుసుకోవచ్చా?

జవాబు: తెలుసుకోవచ్చు. ముందు ఫోటోలో వెనకనున్న గోడ, స్తంభం లాంటివి చూడండి. అవి స్పష్టంగా ఉంటేనే లెక్క మొదలుపెట్టండి. అవీ సాగి ఉంటే కెమెరా కదిలిందన్నమాట, ఆ ఫోటో పనికిరాదు.

షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ కారు ఎంత దూరం జరిగిందో అంత పొడవున గీత పడుతుంది. ఆ గీతను చక్రం మధ్యలో ఉండే గుండ్రటి మూత దగ్గర కొలవండి. చక్రం అంచు జోలికి వెళ్లొద్దు. దొర్లే చక్రంలో రోడ్డును తాకే చోటు ఆ క్షణానికి కదలదు, పైఅంచు మాత్రం కారుకు రెట్టింపు వేగంతో పోతుంది. టైరు అడుగున స్పష్టంగా, పైన అలికినట్టు కనిపించేది అందుకే. కారు వేగంతో కదిలేది నడిమధ్య ఒక్కటే.

మూత గీత మొత్తం 200 పిక్సెళ్లు వచ్చిందనుకుందాం. ఇందులో మూత సొంత వెడల్పూ కలిసి ఉంది. మూత గుండ్రం కాబట్టి దాని ఎత్తు కొలిస్తే ఆ వెడల్పు తెలుస్తుంది. అది 40 అయితే, కారు జరిగింది 160 పిక్సెళ్లు.

ఇక పిక్సెళ్లను మీటర్లలోకి మార్చాలి. ముందు మూత గీత ఎడమ కొస నుంచి వెనక మూత గీత ఎడమ కొస దాకా దూరమే వీల్‌బేస్. అది ఎంతో ఆ మోడల్ స్పెసిఫికేషన్లలో ఉంటుంది. 2.6 మీటర్ల వీల్‌బేస్ ఫోటోలో 1040 పిక్సెళ్లు ఉంటే, పిక్సెల్‌కు 2.5 మిల్లీమీటర్లు.

```
160 × 2.5 mm = 0.4 m
0.4 m ÷ (1/30 s) = 12 m/s
12 × 3.6 = 43.2 km/h
```

కారును కాస్త ఏటవాలుగా తీసినా పెద్ద ఇబ్బంది లేదు. గీత, వీల్‌బేస్ రెండూ ఒకే దిశలో ఉంటాయి కాబట్టి కుదించుకుపోతే రెండూ కలిసే కుదించుకుపోతాయి. బాగా దగ్గర నుంచి తీస్తే మాత్రం ఈ సర్దుబాటు చెడుతుంది.

ఆ దశాంశాన్ని మరీ నమ్మకండి. గీత కొసలు మసగ్గా ఉంటాయి. 8 పిక్సెళ్లు అటూఇటూ అయితే 2 కిలోమీటర్లు తేడా వస్తుంది. ఇంకో కిటుకుంది: చాలా కెమెరాల్లో 1/30 అని రాసి ఉన్నది నిజానికి 1/32. అలా లెక్కిస్తే 46 వస్తుంది. నేనైతే ‘43 నుంచి 46 మధ్య, రెండేసి కిలోమీటర్లు అటూఇటూ’ అంటాను.

ఫోన్‌లో నైట్ మోడ్, హెచ్‌డీఆర్ పెట్టి తీసిన ఫోటోతో ఈ లెక్క చేయొద్దు. అక్కడ చాలా ఫ్రేములు కలిపి ఒక ఫోటో చేస్తారు కనుక, చూపించే ఎక్స్‌పోజర్‌కూ గీత పొడవుకూ పొంతన ఉండకపోవచ్చు. గీత ముక్కలుముక్కలుగా, నీడలు పడినట్టు ఉంటే అనుమానించాల్సిందే.