మగవాళ్ల మాత్ర ఎక్కడ ఆగిపోయింది?

ప్రశ్న: మా ఆవిడకు గర్భనిరోధక మాత్రలు పడటం లేదు, తలనొప్పి, వాంతులు. ఇద్దరు పిల్లలు చాలనుకున్నాం. నేను వేసుకునే మాత్ర ఏదైనా ఉందా అని అడిగితే డాక్టరు గారు ఇంకా రాలేదన్నారు. ఆడవాళ్లకు 1960లోనే వచ్చిన మాత్ర మగవాళ్లకు ఇన్నాళ్లయినా ఎందుకు రాలేదు?

జవాబు:

నేను డాక్టర్‌ను కాను. విజయనగరంలో ఒక ల్యాబ్‌లో పదహారేళ్లుగా వీర్యపరీక్షలు చేస్తున్నాను. ఈ విషయం నాకు పుస్తకాల్లో కంటే ముందు మైక్రోస్కోప్ కింద అర్థమైంది.

కొన్నేళ్ల క్రితం చీపురుపల్లి వైపు నుంచి ఒక యువకుడు వచ్చాడు. పెళ్లయి రెండేళ్లు, పిల్లలు లేరు. మంచి దేహదారుఢ్యం ఉన్న మనిషి. నమూనా చూస్తే ఒక్క వీర్యకణం కూడా కనబడలేదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున పేరుకున్నది చూశాను, అందులోనూ లేదు. మూడు వారాల తర్వాత మళ్లీ చేసినా అదే ఫలితం. రక్తపరీక్షలో టెస్టోస్టెరాన్ మామూలు కంటే చాలా ఎక్కువ, వృషణాలను పనిచేయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు దాదాపు లేనట్టే ఉన్నాయి. డాక్టరు గారు నెమ్మదిగా అడిగితే అప్పుడు చెప్పాడు: కండలు పెరుగుతాయని వ్యాయామశాలలో ఎవరో ఇచ్చిన టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు ఏడాదికి పైగా తీసుకుంటున్నాడు.

మగతనం పెంచే హార్మోన్ తీసుకుంటే వీర్యకణాలు ఎందుకు పోయాయని అతను అడిగాడు. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి రక్తంలో టెస్టోస్టెరాన్ ఎంత ఉందో గమనిస్తూ, దాన్ని బట్టి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను వదులుతుంది. బయటి నుంచి హార్మోన్ వచ్చి పడితే ‘ఇక చాలు’ అన్నట్టు వాటిని ఆపేస్తుంది. దాంతో వృషణాలు సొంత టెస్టోస్టెరాన్ తయారీని మానేస్తాయి. వీర్యకణాలు పుట్టాలంటే వృషణాల లోపల ఆ హార్మోన్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండాలి. రక్తంలో ఎంత ఉన్నా లోపల ఆ స్థాయి రాదు. మనిషి పైకి బలంగానే కనిపిస్తాడు, ఉత్పత్తి మాత్రం ఆగిపోతుంది.

హార్మోన్ పద్ధతులన్నీ ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ప్రచురించిన అధ్యయనంలో 271 మందికి వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆరు నెలల్లోపు వీర్యకణాలు పూర్తిగా పోయినవారు 157 మంది. ఆ స్థితిని నిలుపుకున్నంత కాలం వాళ్లు గర్భాన్ని బాగా నివారించగలిగారు. కానీ మిగిలినవారికి సున్నా రాలేదు. ఒకే మందు, ఒకే మోతాదు, శరీరాలు మాత్రం వేరువేరుగా స్పందించాయి. నా దృష్టిలో అసలు కష్టం ఇక్కడే ఉంది. ఆడవారిలో నెలకు ఒక అండాన్ని ఆపితే చాలు. మగవారిలో ప్రతి సెకనుకూ వెయ్యికి పైగా కణాలు తయారవుతుంటాయి. మిల్లీలీటరుకు కోటిన్నర పైగా ఉండేదాన్ని పది లక్షల కంటే దిగువకు తెస్తే గాని గర్భం రాదని నమ్మలేం. ఒక కణం తయారవడానికే 70 రోజులకు పైగా పడుతుంది, కాబట్టి మందు మొదలుపెట్టాక ఫలితానికి రెండు మూడు నెలలు ఎదురుచూడాలి.

ఇక మాత్రగా ఇవ్వడం మరో చిక్కు. మింగిన టెస్టోస్టెరాన్ పేగుల నుంచి నేరుగా కాలేయానికి వెళ్లి, అక్కడే చాలావరకు విరిగిపోతుంది. అలా విరగకుండా మార్చిన పాత రకాలు కాలేయాన్నే దెబ్బతీశాయి. ఇప్పుడు అధ్యయనంలో ఉన్న డీఎంఏయూ అనే మందును రోజుకొకసారి, భోజనంతో కలిపి వేసుకోవాలి. 28 రోజుల పరీక్షలో అది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను బాగా తగ్గించింది. కానీ 28 రోజుల్లో వీర్యకణాల సంగతి తేలదు. అందరికంటే ముందున్నది మాత్ర కాదు, భుజాలకు రాసుకునే జెల్. అందులో నెస్టోరోన్ అనే ప్రొజెస్టిన్ రకం కృత్రిమ హార్మోన్, టెస్టోస్టెరాన్ కలిసి ఉంటాయి. ప్రొజెస్టిన్ పీయూష గ్రంథిని అణచివేస్తే, టెస్టోస్టెరాన్ మనిషికి కావలసిన హార్మోన్ లోటు తీరుస్తుంది. పదిహేను వారాలయ్యేసరికి 86 శాతం మందిలో కణాల సంఖ్య పది లక్షలకు దిగింది. అయితే రాసుకున్న చర్మం భార్యకో పిల్లలకో తగిలితే హార్మోన్ వాళ్లకు అంటుకునే ప్రమాదం ఉంది.

మగవాళ్లు దుష్ప్రభావాలు భరించలేకపోయారు కాబట్టే మందు ఆగిందని తరచూ వింటాం. అది సగం నిజం. రెండు నెలలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్ అధ్యయనం 320 మందితో జరిగింది. గర్భాన్ని బాగానే ఆపింది. కుంగుబాటు, మానసిక మార్పులు, మొటిమలు, నొప్పి ఎక్కువగా నమోదు కావడంతో భద్రతను సమీక్షించే నిపుణులు 2011లో దాన్ని ముందే ఆపించారు. పాల్గొన్నవారిలో నాలుగింట మూడొంతుల మందికి పైగా ఆ పద్ధతిని కొనసాగించడానికి సిద్ధంగానే ఉన్నారు. స్త్రీ విషయంలో మందు ప్రమాదాన్ని గర్భం, కాన్పు తెచ్చే ప్రమాదంతో పోల్చి తూస్తారు. పురుషుడికి గర్భం రాదు, అంటే తక్కెడ అవతలి పళ్లెంలో పెట్టడానికి ఏమీ ఉండదు. ఆరోగ్యవంతుడికి ఇచ్చే మందు చిన్న నష్టం చేసినా పెద్దదిగానే లెక్క. మీ ఆవిడ తలనొప్పి, వాంతులు కూడా ఆ తక్కెడలో వేయాలని నేను గట్టిగా నమ్ముతాను. దంపతులిద్దరి ప్రమాదాన్నీ కలిపి చూడాలి.

హార్మోన్ల జోలికి పోని మందులు అందుకే నాకు ఆశ కలిగిస్తున్నాయి. వీర్యకణాలు పుట్టడానికి విటమిన్ ‘ఎ’ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లం తప్పనిసరి. 1950ల చివరలో విన్ 18,446 అనే మందు ఆ ఆమ్లం తయారీని ఆపి వీర్యకణాలను తగ్గించింది. కానీ మద్యాన్ని శరీరం వదిలించుకునే ఎంజైమ్‌ను కూడా ఆపేయడంతో, దాన్ని వేసుకుని తాగినవారు తీవ్ర అస్వస్థతకు గురయ్యారు. దాంతో దాన్ని వదిలేశారు. ఇప్పుడు వైసీటీ-529 అనే మందు ఎంజైమ్ జోలికి వెళ్లదు. ఆ ఆమ్లం అతుక్కునే ఆల్ఫా గ్రాహకాన్ని మాత్రమే అడ్డుకుంటుంది. ఎలుకల్లో గర్భాన్ని 99 శాతం ఆపింది, మందు మానాక సంతానశక్తి తిరిగి వచ్చింది. 2025లో వెలువడిన తొలి మానవ పరీక్షలో 16 మందికి ఇచ్చారు. అది సురక్షితమా కాదా అన్నదే అక్కడ చూశారు, వీర్యకణాల లెక్కను కాదు.

ఇంకొక దారి నా పనికి మరీ దగ్గర. 2023లో కార్నెల్ శాస్త్రవేత్తలు కణాలను కదిలించే ఎంజైమ్‌నే కొన్ని గంటలపాటు ఆపారు. మగ ఎలుకకు ఒక్క మోతాదు ఇస్తే రెండున్నర గంటల వరకు కణాలు ఈదలేకపోయాయి, మర్నాటికి మామూలైపోయాయి. అలాంటి నమూనా నా దగ్గరకు వస్తే లెక్క నిండుగా ఉంటుంది, కదలిక మాత్రం సున్నా అని రాస్తాను. నేను ఇక్కడ చెప్పిన మందుల్లో మూడు నెలలు ఎదురుచూడక్కరలేనిది ఇదొక్కటే. అయితే ఇది ఇంకా ఎలుకల దగ్గరే ఉంది.

ఆ చీపురుపల్లి యువకుడు ఇంజెక్షన్లు మానేశాక నాలుగో నెలలో నాకు స్లైడ్ మీద అక్కడక్కడా కణాలు కనిపించాయి. పదకొండో నెలలో మిల్లీలీటరుకు కోటి 80 లక్షలు వచ్చాయి. అందరికీ అంత త్వరగా తిరిగి రావు, కొందరికి రెండేళ్లు కూడా పడుతుంది. కాబట్టి ఈ కథ విని ఎవరూ ఇంజెక్షన్లతో సొంత ప్రయోగాలు చేయకండి.

మీకు ఇద్దరు పిల్లలు చాలనుకుంటే కోతా కుట్లూ లేని వేసెక్టమీ గురించి మీ డాక్టరు గారితో మాట్లాడండి. మన రాష్ట్రంలో స్త్రీలకు ఆపరేషన్ చేయించడం మామూలైపోయింది, పురుషులు చేయించుకోవడం చాలా అరుదు. ఆపరేషన్ రోజుతోనే పని పూర్తయిందనుకోకండి, నాళాల్లో మిగిలిన కణాలు బయటకు పోవడానికి సమయం పడుతుంది. మూడు నెలల తర్వాత వీర్యపరీక్ష చేయించి, కణాలు లేవని రిపోర్టు వచ్చేదాకా కండోమ్ వాడండి. ఆ పరీక్షకు రాకుండా ఊరుకున్న ఇద్దరు, భార్య నెల తప్పాక నా దగ్గరకు నమూనా తెచ్చారు. రెండింటిలోనూ కదిలే కణాలు కనిపించాయి.