అతను ‘సరే’ అంటే ఏమవుతుందో చూసుకుని పంపు

మిర్యాలగూడ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు రాసిన కొటేషన్ ముసాయిదా చదివాను. పంపే ముందు చూపించమని నేను అడగకపోయినా పంపావు, మంచి పని చేశావు. బెంగళూరు వ్యాపారి మనకు కొత్తవాడు. మన మాటతీరు అతనికి తెలియదు, అతని పద్ధతి మనకు తెలియదు. పాత ఖాతాదారుకైతే ‘రేటు ఇంత’ అని ఫోనులో చెబితే సరిపోతుంది. మిగిలినవన్నీ ఇరవై ఏళ్ల అలవాటులో ఉంటాయి. కొత్తవాడి దగ్గర ఆ అలవాటు లేదు కనుక అదంతా కాగితం మీదికి రావాలి.

కొటేషన్ సరిచూసేటప్పుడు నేను పెట్టుకునే పరీక్ష ఒకటే. అవతలివాడు ఈ ఉత్తరం చదివి ‘సరే’ అని ఒక్క మాట జవాబిచ్చాడనుకో. లారీలో ఏ సరుకు, ఎన్ని బస్తాలు ఎక్కించాలో, ఎంత డబ్బు ఎప్పుడు రావాలో మన గుమస్తా ఇంకెవరినీ అడగకుండా చెప్పగలగాలి. నీ ముసాయిదాకు ‘సరే’ అని వస్తే మనవాడు కనీసం నాలుగుసార్లు బెంగళూరుకు ఫోను చేయాల్సి వస్తుంది. అందులో రెండుసార్లు గొడవ తప్పదు.

ముందు అతని ఎంక్వైరీ మళ్లీ తెరిచి, అడిగిన ప్రతి ప్రశ్న కింద పెన్సిలుతో గీత పెట్టు. నేను పెట్టాను. వంద క్వింటాళ్ల బీపీటీ స్టీమ్ బియ్యం, 25 కిలోల బస్తాలు, తన గోదాములో దిగిన ధర, పాత బియ్యమా కొత్తవా, ఎప్పటికి పంపగలరు. ఐదు ప్రశ్నలు. నువ్వు జవాబిచ్చింది ఒకటిన్నరకు. పాతవా కొత్తవా అన్నదాని ఊసే లేదు. అన్నం పొడిపొడిగా రావాలని కోరుకునేవాడికి అది ధర కన్నా ముందు ప్రశ్న. మన దగ్గరున్న సరుకు ఆరు నెలలు నిలవ ఉన్నదే కదా, ఆ సంగతి రాయకుండా వదిలేస్తే ఎలా?

ఇక ధర. నువ్వు ‘క్వింటాలు 5,200 రూపాయలు’ అని రాసి ఊరుకున్నావు. అతను అడిగింది బెంగళూరులో దిగిన ధర, నువ్వు రాసింది మన మిల్లు గేటు దగ్గరి ధర. కానీ అలా అని ఎక్కడా చెప్పలేదు కనుక, తన గోదాములో దిగేది 5,200కే అని అతను చదువుకుంటాడు. అందులో తప్పేమీ లేదు. లెక్క వేసి చూడు. వంద క్వింటాళ్లకు బియ్యం ఖరీదు 5,20,000. బస్తా 25 కిలోలది, దాని మీద మన ముద్ర ఉంటుంది కనుక 5 శాతం జీఎస్టీ పడుతుంది, అది 26,000. లారీ అతను చెప్పిన కిరాయి 22,000. మొత్తం 5,68,000, అంటే దిగిన ధర క్వింటాలుకు 5,680. నువ్వు రాసినదానికి, అతను కట్టాల్సినదానికి తేడా 480 రూపాయలు. లోడు మొత్తం మీద 48,000. ఆ తేడా లారీ దిగేటప్పుడు బయటపడితే, అతను మనల్ని మోసగాళ్లనే అనుకుంటాడు. మనకేమో, ఇంత తెలిసిన విషయం ఎందుకు అడుగుతున్నాడా అనిపిస్తుంది.

పన్ను సంగతి ఇంకొంచెం చెప్పాలి. 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం పన్ను, అంతకు మించితే లేదు. బజారులో 26 కిలోల బస్తాలు కనిపించడం అందుకే. అతను 25 అడిగాడు కదా అని ఆ ఒక్కటే రాయనక్కర్లేదు. అలాగని అతనికి చెప్పకుండా 26కి మార్చడం అసలే కూడదు. రెండు వరుసలు ఇవ్వు. 25 కిలోలదైతే 400 బస్తాలు, సరిగ్గా వంద క్వింటాళ్లు, పన్ను అదనం, దిగిన ధర 5,680. 26 కిలోలదైతే 385 బస్తాలు, 100 క్వింటాళ్ల 10 కిలోలు, పన్ను లేదు, దిగిన ధర 5,420. అతని చిల్లర కొట్లవాళ్లు ఏ బస్తా అడుగుతారో అతనికే తెలుసు, అతన్నే ఎంచుకోనివ్వు. బస్తాల సంఖ్య, బరువు రెండూ రాయమంటున్నది ఊరికే కాదు. అతను ‘400 బస్తాలు, 26 కిలోలవి’ అని జవాబిస్తే అది 104 క్వింటాళ్లవుతుంది. ఆ నాలుగు క్వింటాళ్లు ఎవరి లెక్కలో లేనివి.

కిరాయి అతనే లారీవాడికి నేరుగా ఇస్తాడని ఒక ముక్క రాయి. మనం బిల్లులో కలిపితే 25 కిలోల సరుకు విషయంలో కిరాయి మీద కూడా పన్ను పడుతుంది, పై లెక్క చెదిరిపోతుంది. ఇక్కడ ఎక్కించే హమాలీ మనది, అక్కడ దించే హమాలీ అతనిది. కాటా మన దగ్గరిదే ప్రమాణం.

అన్నిటికన్నా నన్ను కంగారు పెట్టింది గడువు. ‘ధరలు మార్కెట్‌ను బట్టి మారవచ్చు’ అని రాశావు. అది గడువు కాదు, మనం మాట మీద నిలబడమని ముందే చెప్పుకోవడం. చదివినవాడు దీన్ని ధరగా లెక్కలోకే తీసుకోడు. నేనైతే దీనికి ఎదురు తప్పు చేశాను. ఒక నవంబరులో, సాగర్ ఎడమ కాలువ కింది వడ్లు ట్రాక్టర్ల మీద మిల్లుల ముందు బారులు తీరిన రోజుల్లో, కొత్త పార్టీకి ధర పదిహేను రోజులు నిలుస్తుందని ధైర్యంగా రాసిచ్చాను. కోతల కాలంలో వడ్లు దిగుతాయే తప్ప ఎక్కవని నా నమ్మకం. నడుమ వానలు పట్టుకున్నాయి, ఎండిన వడ్లు రావడం తగ్గింది, క్వింటాలు వడ్లకు 120 రూపాయలు పెరిగాయి. పద్నాలుగో రోజు ఆర్డరు వచ్చింది, 200 క్వింటాళ్లు.

వడ్లు 120 పెరిగితే బియ్యం 120 పెరుగుతుందనుకుంటున్నావేమో. వంద కిలోల వడ్లు ఆడిస్తే వంద కిలోల బియ్యం రాదు. ప్రభుత్వానికి పెట్టే పచ్చి బియ్యానికి లెక్క 67 కిలోలు. నూక తీసేసి, రంగు గింజలు ఏరేసి ఇచ్చే సన్న బియ్యానికి ఇంకా తగ్గుతుంది. ఆనాటి సరుకులో 60 వచ్చింది. అంటే వడ్ల మీద పెరిగిన 120, బియ్యం మీదికి వచ్చేసరికి 200 అయింది. రెండు వందల క్వింటాళ్లకు 40,000 రూపాయలు. రాసిచ్చిన మాట కనుక పంపాను. ఆ లోడులో మిగిలింది గోనె దుమ్మే.

కాబట్టి గడువు ఉండాలి, చిన్నదిగా ఉండాలి, తేదీతో పాటు గంట కూడా ఉండాలి. ‘14వ తేదీ సాయంత్రం 5 గంటల వరకు’ అని రాయి. ఆలోపు ఏం జరగాలో కూడా రాయి: ఏ బస్తా కావాలో లిఖితంగా ఆర్డరు, మన ఖాతాలో అడ్వాన్సు, రెండూ రావాలి. ఒక్క ఫోను కొట్టి ‘ఖాయం చేసుకోండి’ అంటే ధర ఆగదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం కూడా చెప్పిన గడువు దాటితే ప్రతిపాదన దానంతటదే రద్దవుతుంది. గడువే చెప్పకపోతే ‘సమంజసమైన కాలం’ అంటారు, అది ఎన్ని రోజులో వాదించుకుంటూ కూర్చోవాలి. ఇంకొకటి గుర్తుంచుకో. ‘ధర సరే, కానీ నెల రోజుల అరువు ఇవ్వండి’ అని అతను రాస్తే అది ఒప్పుకోవడం కాదు, అతని వైపు నుంచి కొత్త ప్రతిపాదన. సంబరపడి లారీ పిలవకుండా, దానికి విడిగా జవాబు రాయాలి.

అయితే గడువు చిన్నదిగా ఉండాలన్నాను కదా అని మూడు రోజులు పెట్టకు. నమూనా పంపుతామని కింద నువ్వే రాశావు. రేపు 10న బస్సు పార్సిల్‌లో వేస్తే 11న చేరుతుంది. 12న వండి చూసుకుంటాడు. మూడు రోజుల గడువైతే అన్నం ఉడికేలోపే ధర చల్లారిపోతుంది. పద్నాలుగు అన్నది అందుకే. అన్నం చూశాక ఆలోచించుకుని డబ్బు వేయడానికి అతనికి ఇంకా రెండు రోజులుంటాయి. ఐదు రోజులు ధర నిలపడానికి మనకు భయం లేదు, ఆడించిన సరుకు గోదాములోనే ఉంది. సరుకు లేకుండా వడ్లు కొని ఆడించి ఇవ్వాల్సి వస్తే మాత్రం నేను రెండు రోజులకు మించి ఒప్పుకోను.

నమూనా మాత్రం పంపబోయే లాటులోంచే తీయి. కంటికి ఇంపుగా ఉందని వేరే బస్తాలోంచి తీసి పంపే మిల్లువాళ్లున్నారు, మనకు ఆ పని వద్దు. రెండు సంచుల్లో కిలో చొప్పున కట్టి, ఒకే లాటు నంబరు రాసి, సీలు వేసి, ఒకటి మన బీరువాలో పెట్టు. కొటేషన్‌లో నూక 5 శాతం మించదని, తేమ 14 శాతం మించదని, ఆరు నెలల నిలవ అని రాయి. నాణ్యత మీద ఫిర్యాదు ఉంటే సరుకు దిగిన 48 గంటల్లో చెప్పాలి, తేడా వస్తే సీలు వేసిన నమూనాతో పోల్చి చూస్తాం. నువ్వు రాసిన ‘ఉత్తమ నాణ్యత’ తీసేయి. దాన్ని ఏ కాటా మీద తూచాలో నాకు తెలియదు.

చెల్లింపు దగ్గర ‘మామూలు పద్ధతిలో’ అని ఉంది. ఎవరి మామూలు? కొత్తవాడికి అరువు లేదు. ఆర్డరుతో 30 శాతం, మిగతాది లోడింగుకు ముందు. శాతం రాసి వదలకు, అంకె వేయి. 25 కిలోల బస్తాలకు పన్నుతో బిల్లు 5,46,000 కనుక అడ్వాన్సు 1,63,800. 26 కిలోల వాటికి బిల్లు 5,20,520 కనుక 1,56,156.

ఆఖరి వాక్యం ‘మీ అమూల్యమైన ఆర్డరు కోసం ఎదురుచూస్తుంటాము’ అని పెట్టావు. ఎదురుచూడటం మన పని, అతను చేయాల్సిన పని ఏమిటో అందులో లేదు. ఆ చోట ఇలా రాయి: ‘నమూనా 11న మీకు అందుతుంది. వండి చూసి, 25 కిలోల బస్తాలా 26 కిలోలవా అన్నది తెలపండి. తెలిపిన రోజే ప్రొఫార్మా బిల్లు పంపుతాము. అడ్వాన్సు, మిగతా సొమ్ము జమ అయిన మూడో రోజు లోడు చేస్తాము.’ దాని కింద నీ పేరు, నీ ఫోను నంబరు ఉంచు. మిల్లు నంబరుకు చేస్తే ఎవరో ఎత్తి ఏదో రేటు చెబుతారు.

దిద్దిన ప్రతి ఈ రాత్రికే పంపకు. పొద్దున గోదాముకు వెళ్లి ఆ లాటులో 101 క్వింటాళ్లకు తక్కువ లేదని నీ కళ్లతో చూసుకో. లారీ కిరాయి 22,000 అన్నది 14 తర్వాత లోడు చేసినా నిలుస్తుందేమో ఆ లారీ అతన్ని అడిగి, ఆ తర్వాత పంపు. మీ అమ్మను అడిగానని చెప్పు.

మామయ్య