రోటరీ ఎన్‌కోడర్ ఒక్క క్లిక్ తిప్పితే లెక్క ఎందుకు దూకుతోంది?

ఎ పిన్ అంచును మాత్రమే చూస్తుంటే, కాంటాక్ట్ అదిరిన ప్రతిసారీ అది కొత్త అడుగుగా లెక్కకొస్తుంది. రెండు పిన్‌ల పాత, కొత్త స్థితులను 16 గడుల పట్టికలో చూస్తే ఆ దూకుడు ఆగుతుంది.

```c
const int8_t t[16] = {0,1,-1,0,-1,0,0,1,
                      1,0,0,-1,0,-1,1,0};
s = ((s << 2) | (A << 1) | B) & 15;
n += t[s];
```

సరైన తిప్పుడులో ఒకసారికి ఒక్క పిన్నే మారుతుంది. రెండూ కలిసి మారాయంటే మధ్యలో ఒక స్థితి చూడకుండా పోయినట్టే. అప్పుడు దిశ తెలియదు కాబట్టి ఆ గడిలో 0 ఉంటుంది.

పుల్-అప్ ఉన్న ఎన్‌కోడర్ 11 దగ్గర ఆగి ఉందనుకోండి. తిప్పగానే కాంటాక్ట్ అదిరి 11, 10, 11, 10 అని వచ్చింది. పట్టిక +1, −1, +1 ఇస్తుంది, మిగిలేది +1. అదురు పోలేదు, లెక్కలో కొట్టుకుపోయింది. చాలా రకాల్లో ఒక క్లిక్‌కి ఇలాంటి అడుగులు నాలుగు, కాబట్టి `n` నాలుగు పెరిగాకే ఒక క్లిక్.

ఇంటరప్ట్ పెడితేనే పని జరుగుతుందన్నది అపోహ. చేత్తో తిప్పే నాబ్‌కి టైమర్‌తో 1 మిల్లీసెకనుకోసారి చూసినా సాధారణంగా సరిపోతుంది. పిన్-చేంజ్ ఇంటరప్ట్ వాడితే రెండు పిన్‌లకూ పెట్టి, లోపల రెండింటినీ ఒకే రీడ్‌లో చదవాలి. అందులో `delay` మాత్రం పెట్టకండి, ఆ లోగా మారిన స్థితులు చేజారతాయి.